అసమీకరణాల వ్యవస్థకు సాధ్య ప్రాంతం: గీత గీయడం నుంచి మూలలు తేల్చడం దాకా

రెండు చరరాశుల్లో రెండు సమీకరణాలు ఇస్తే జవాబు మామూలుగా ఒక బిందువు. అదే అసమీకరణాలు ఇస్తే, వాటన్నిటినీ ఒకేసారి తృప్తిపరిచే బిందువులు లెక్కలేనన్ని ఉండొచ్చు. గ్రాఫు మీద అవన్నీ కలిసి ఒక ప్రాంతంగా కనిపిస్తాయి. దాన్నే సాధ్య ప్రాంతం అంటాం, క్లాసుల్లో ఫీజిబుల్ రీజియన్ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

గీతలు గీయడం దాదాపు అందరికీ వచ్చు. లెక్క తప్పేది రెండు చోట్ల. ఒకటి, గీతకు ఏ వైపు ఉంచుకోవాలో తేల్చేటప్పుడు. రెండు, గీతలు కలిసే బిందువుల్లో ఏవి నిజంగా ప్రాంతపు మూలలో తేల్చేటప్పుడు. అందుకే ఇక్కడ ఒకే ఒక వ్యవస్థను తీసుకుని, ఆ రెండు చోట్లా నిదానంగా ఆగుతూ చివరిదాకా చేద్దాం.

```
2x + y ≤ 10      (1)
x − y ≥ −4       (2)
x < 2y           (3)
x ≥ 0            (4)
```

చూడటానికి చిన్నదే అయినా, మామూలుగా దొర్లే తప్పులన్నిటికీ ఇందులో చోటుంది. (2)లో గుర్తు మోసం చేస్తుంది. (3)లో సమాన గుర్తు లేదు, పైగా దాని గీత మూలబిందువు గుండా పోతుంది.

## మొదటి మెట్టు: సరిహద్దు గీతలు

ప్రతి అసమీకరణంలోనూ గుర్తు తీసేసి దాని స్థానంలో సమాన గుర్తు పెడితే సరిహద్దు గీత వస్తుంది. గీతకు రెండు బిందువులు చాలు. x = 0 పెట్టి y కనుక్కోండి, y = 0 పెట్టి x కనుక్కోండి.

(1) నుంచి 2x + y = 10. ఇది (0, 10), (5, 0) గుండా పోతుంది.

(2) నుంచి x − y = −4. ఇది (0, 4), (−4, 0) గుండా పోతుంది.

(3) నుంచి x = 2y. ఇక్కడ x = 0 పెట్టినా y = 0 పెట్టినా (0, 0) ఒక్కటే వస్తుంది, దాంతో గీత గీయలేం. ఇంకో విలువ తీసుకోవాలి. y = 3 అనుకుంటే x = 6, కాబట్టి రెండో బిందువు (6, 3). వీలైనంత దూరంగా ఉన్న బిందువు తీసుకుంటే మంచిది. దగ్గరి రెండు బిందువుల మీద స్కేలు పెడితే ఇటు మిల్లీమీటరు జరిగినా అటు చివర గీత బాగా పక్కకు పోతుంది.

(4) నుంచి x = 0. అది y అక్షమే.

ఇక గీత రకం. ≤ లేదా ≥ ఉంటే సరిహద్దు మీది బిందువులు కూడా జవాబులో భాగమే, కాబట్టి నిండు గీత. < లేదా > ఉంటే సరిహద్దు జవాబులోకి రాదు, కాబట్టి చుక్కల గీత. మన వ్యవస్థలో (3) ఒక్కటే చుక్కల గీత. దీన్ని గీసేటప్పుడే తేల్చుకోండి. నాలుగు గీతలూ నిండుగా గీసేసి, తరవాత వాటిలో దేన్ని చెరిపి చుక్కలు పెట్టాలా అని వెతుక్కుంటే పొరపాటు ఖాయం.

## రెండో మెట్టు: ఏ వైపు?

ఒక సరళరేఖ తలాన్ని రెండు అర్ధతలాలుగా చీలుస్తుంది. అసమీకరణానికి జవాబు వాటిలో ఒకటి. అది ఏదో తెలుసుకోవడానికి గీత మీద లేని ఏదో ఒక బిందువును పరీక్షిస్తే చాలు. అది నిజమైతే ఆ వైపు అంతా నిజం, అబద్ధమైతే ఆ వైపు అంతా అబద్ధం.

ఒక్క బిందువుతో వైపు మొత్తాన్నీ ఎలా నమ్ముతాం? 2x + y − 10 విలువను తీసుకోండి. గీత మీద అది సున్నా. గీతకు ఒకే వైపు ఉన్న రెండు బిందువుల మధ్య మీరు నేరుగా కదిలితే ఈ విలువ కొద్దికొద్దిగా మారుతుందే తప్ప ఎక్కడా గెంతదు. ధనం నుంచి రుణానికి మారాలంటే మధ్యలో సున్నా తాకాలి, సున్నా తాకాలంటే గీత మీదికి రావాలి. గీత దాటనంత వరకూ గుర్తు మారదు.

పరీక్షకు (0, 0) అన్నిటికన్నా తేలిక.

(1)లో 0 + 0 ≤ 10, నిజం. మూలబిందువు ఉన్న వైపే ఉంచుకోవాలి.

(2)లో 0 − 0 ≥ −4, ఇదీ నిజమే. ఇక్కడా మూలబిందువు వైపే, అంటే గీతకు కింది వైపు.

(3)కి ఈ బిందువు పనికిరాదు, ఎందుకంటే అది గీత మీదే ఉంది. (0, 1) తీసుకుందాం. 0 < 2, నిజం. (0, 1) ఉన్నది గీతకు పై వైపు, కాబట్టి పై వైపు ఉంచుకోవాలి.

(4)కి పరీక్ష అక్కర్లేదు, y అక్షానికి కుడి వైపు, అక్షంతో కలిపి.

ఇప్పుడు (2) దగ్గర కాసేపు ఆగుదాం. అందులో ≥ గుర్తు చూడగానే "పెద్దది అంటే పై వైపు" అని షేడింగ్ వేసేవాళ్లు చాలామంది. ఆ సూత్రం y ఒంటరిగా ఎడమ పక్కన, ధన గుర్తుతో ఉన్నప్పుడే పనిచేస్తుంది. (2)లో y ముందు మైనస్ ఉంది. x ను అటు పంపితే −y ≥ −4 − x అవుతుంది. రెండు వైపులా −1తో గుణిస్తే గుర్తు తిరగబడి y ≤ x + 4 వస్తుంది. అంటే కింది వైపే.

ఈ తప్పు ప్రమాదకరం, ఎందుకంటే బొమ్మ చూస్తే అనుమానం రాదు. (2)కి పై వైపు తీసుకున్నారనుకోండి. మిగిలిన మూడు సరిగ్గానే ఉంటే (0, 4), (2, 6), (0, 10) మూలలుగా చక్కని త్రిభుజం వస్తుంది. ఖాళీ ప్రాంతం రాదు, వింత ఆకారమూ రాదు. పట్టుకోవడానికి ఒకటే దారి. ఆ త్రిభుజం లోపలి బిందువు ఒకటి తీసుకుని, మీరు తిరగరాసిన రూపాల్లో కాకుండా ప్రశ్నలో ఇచ్చిన అసలు రూపాల్లోనే పెట్టి చూడాలి. (1, 6) ఆ త్రిభుజంలోనే ఉంది. x − y = −5. అది −4 కన్నా చిన్నది కాబట్టి (2) తప్పింది, త్రిభుజం తప్పు. తిరగరాసిన రూపంలోనే పరీక్షిస్తే, తిరగరాయడంలో జరిగిన తప్పు మళ్లీ మీకే "సరే" అని చెబుతుంది.

## మూడో మెట్టు: షేడింగ్

పుస్తకాల్లో మామూలుగా జవాబు వైపు షేడ్ చేస్తారు. రెండు అసమీకరణాల వరకూ అది బాగానే ఉంటుంది. నాలుగు ఉన్నప్పుడు నాలుగు పొరల గీతలు ఒకదాని మీద ఒకటి పడి, అన్ని పొరలూ ఎక్కడ కలిశాయో కనపడక టెన్షన్ మొదలవుతుంది. నా ఓటు దీనికి తిరగేసిన పద్ధతికే. ప్రతి గీతకూ వద్దనుకున్న వైపు పెన్సిలుతో కొట్టేయండి. చివరికి తెల్లగా మిగిలిందే జవాబు. పరీక్షలో జవాబు ప్రాంతాన్నే షేడ్ చేయమంటే, తెల్లగా మిగిలిన దాని హద్దులు చూసుకుని శుభ్రమైన గ్రాఫు మీద ఒక్కసారి షేడ్ చేస్తే సరిపోతుంది.

మన లెక్కలో తెల్లగా మిగిలేది ఒక చతుర్భుజం. ఎడమ పక్కన y అక్షం, పైన (2) గీత, కుడి పక్కన (1) గీత, కింద (3) చుక్కల గీత.

ఇక్కడ ఆకారాన్ని బట్టి ఒక చిన్న తనిఖీ చేయొచ్చు. ఏ అర్ధతలంలోనైనా రెండు బిందువులు తీసుకుంటే వాటిని కలిపే గీతాఖండం మొత్తం అందులోనే ఉంటుంది. అలాంటి అర్ధతలాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగానికీ ఆ గుణం తప్పదు. కాబట్టి సాధ్య ప్రాంతానికి లోపలికి నొక్కుకుపోయిన మూల ఉండదు, రెండు విడి ముక్కలుగానూ ఉండదు. మీ బొమ్మలో అలాంటిది కనిపిస్తే షేడింగ్‌లో ఎక్కడో తప్పు పడింది.

## నాలుగో మెట్టు: మూలలు

గ్రాఫు కంటికి ఆకారం చూపిస్తుంది కానీ కచ్చితమైన నిరూపకాలు చెప్పదు. (2, 6) అని కనిపించింది నిజానికి (2.1, 5.9) కావచ్చు. కాబట్టి మూలలను గ్రాఫు మీద చదవకుండా, రెండేసి గీతల సమీకరణాలను సాధించి కనుక్కోవాలి.

నాలుగు గీతల్లో రెండేసి చొప్పున ఆరు జతలు వస్తాయి. ఆరింటికీ ఖండన బిందువులు కనుక్కుని, ప్రతిదాన్నీ ఆ జతలో లేని మిగతా రెండు అసమీకరణాల్లో పెట్టి చూద్దాం.

(1), (2) జత: y = x + 4 ను 2x + y = 10 లో పెడితే 3x = 6, అంటే x = 2, y = 6. ఇక (3)లో 2 < 12 నిజం, (4)లో 2 ≥ 0 నిజం. (2, 6) మూల.

(1), (3) జత: x = 2y పెడితే 5y = 10, y = 2, x = 4. (2)లో 4 − 2 = 2 ≥ −4 నిజం, (4) నిజం. (4, 2) మూల.

(2), (4) జత: x = 0 పెడితే y = 4. (1)లో 4 ≤ 10 నిజం, (3)లో 0 < 8 నిజం. (0, 4) మూల.

(3), (4) జత: (0, 0). (1), (2) రెండూ నిజం. ఇదీ మూలే.

(1), (4) జత: (0, 10). కానీ (2)లో 0 − 10 = −10, అది −4 కన్నా చిన్నది. కొట్టేయండి.

(2), (3) జత: 2y − y = −4, కాబట్టి y = −4, x = −8. (4) తప్పింది. ఇదీ పోయింది.

ఆరింటిలో నాలుగు మిగిలాయి. రెండు గీతలు కలిసిన ప్రతి చోటూ మూల కాదన్నది ఇక్కడే తేలుతుంది. (0, 10) గ్రాఫు మీద స్పష్టంగా కనిపించే ఖండన బిందువు, తొందరలో దాన్ని జాబితాలో చేర్చేస్తుంటారు. (−8, −4) సంగతి వేరు. అది మామూలుగా వేసుకునే గ్రాఫు కాగితం బయట ఉంటుంది. ఇక్కడ అది పనికిరాని బిందువు కాబట్టి నష్టం లేదు. కానీ ఇంకో లెక్కలో నిజమైన మూలే కాగితం బయట పడొచ్చు. జతలన్నీ లెక్క కట్టడం వల్ల ఆ బెడద ఉండదు.

ఇంకో మాట మిగిలింది. (0, 0), (4, 2) మూలలే, కానీ రెండూ చుక్కల గీత మీద ఉన్నాయి. (3)లో 0 < 0 అబద్ధం, 4 < 4 కూడా అబద్ధం. అంటే ఆ రెండు బిందువులూ ప్రాంతపు ఆకారాన్ని నిర్ణయిస్తాయి, జవాబులో మాత్రం ఉండవు. గ్రాఫు మీద వాటి దగ్గర లోపల ఖాళీగా ఉన్న చిన్న సున్నా, (2, 6), (0, 4) దగ్గర నిండు చుక్క పెట్టండి.

## అయిదో మెట్టు: గ్రాఫు లేకుండా సరిచూసుకోవడం

బొమ్మను బొమ్మతోనే సరిచూస్తే అదే తప్పు మళ్లీ చేస్తాం. దానికి సంబంధం లేని దారి ఒకటి ఉంది. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ఫూరియర్ 1820ల్లో అసమీకరణాల మీద పనిచేస్తూ దీన్ని వాడాడు. 1936లో థియోడోర్ మోట్జ్‌కిన్ మళ్లీ దీన్ని అభివృద్ధి చేశాడు. అందుకే ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు. సమీకరణాల్లో ఒక చరరాశిని తొలగించినట్టే ఇక్కడా తొలగిస్తాం.

మొదట అన్నిటినీ y కి హద్దులుగా రాయండి.

```
y > x/2
y ≤ x + 4
y ≤ 10 − 2x
```

y కి చోటు దొరకాలంటే కింది హద్దు ప్రతి పై హద్దుకన్నా తక్కువ ఉండాలి. x/2 < x + 4 అంటే x > −8. x/2 < 10 − 2x అంటే x < 4. వీటికి x ≥ 0 కలిపితే మిగిలేది 0 ≤ x < 4. y ఎక్కడా లేకుండానే x ఎంతవరకు పోగలదో తెలిసింది.

ఇక ఈ హద్దుల్లో ఏ x తీసుకున్నా, y అనేది x/2 కన్నా పెద్దదిగా, x + 4, 10 − 2x రెండిట్లో చిన్నదానికి మించకుండా ఉండాలి. x = 1 దగ్గర y 0.5 దాటి 5 వరకు. x = 3 దగ్గర 1.5 దాటి 4 వరకు. పై హద్దు ఒక గీత నుంచి ఇంకో గీతకు మారేది x + 4 = 10 − 2x అయినప్పుడు, అంటే x = 2 దగ్గర. సరిగ్గా (2, 6) మూల. x = 4 దగ్గర y 2 కన్నా పెద్దదిగానూ ఉండాలి, 2 కి మించకూడదు, అది కుదరదు. (4, 2) జవాబులో లేదన్న మాట ఇక్కడ ఇంకో దారిలో రుజువైంది.

## అయిదో అసమీకరణం వచ్చి చేరితే

ఈ వ్యవస్థకు x + y మీద ఇంకో నిబంధన చేర్చితే ఏమవుతుంది? మళ్లీ గ్రాఫు వేయక్కర్లేదు, మూలలు ఉంటే చాలు. అన్ని వైపులా మూసుకుని ఉన్న ప్రాంతంలో x + y లాంటి రేఖీయ రాశి మూలల దగ్గర ఉన్న విలువల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని దాటిపోదు. మూలల దగ్గర x + y విలువలు వరసగా: (0, 0) దగ్గర 0, (4, 2) దగ్గర 6, (2, 6) దగ్గర 8, (0, 4) దగ్గర 4. గరిష్ఠం 8.

x + y ≤ 9 చేర్చితే ఏమీ మారదు. ప్రాంతం మొత్తం ముందే ఆ నిబంధన లోపల ఉంది. ఇలాంటి నిబంధనకు గీత గీసినా అది ప్రాంతాన్ని తాకదు.

x + y ≤ 7 అయితే (2, 6) మూల తెగిపోతుంది. దాని స్థానంలో రెండు కొత్త మూలలు వస్తాయి. (2) గీతతో కలిసే చోట 2x + 4 = 7, అంటే (1.5, 5.5). (1) గీతతో కలిసే చోట x = 3, y = 4. చతుర్భుజం కాస్తా పంచభుజి అవుతుంది.

గుర్తు తిరగేసి x + y ≥ 8 అంటే మిగిలేది ఒక్క బిందువు, (2, 6). దాన్ని కూడా జవాబే అంటాం. x + y ≥ 9 అంటే అసలేమీ మిగలదు, సాధ్య ప్రాంతం ఖాళీ. గ్రాఫు మీద ఈ రెండు గీతలూ పక్కపక్కనే పడతాయి, కంటితో తేడా చెప్పడం కష్టం. అంకెలైతే ఒక్క చూపులో చెబుతాయి.

## ప్రాంతం మూసుకోకపోతే

పైన చెప్పిన మూలల పరీక్ష మూసుకున్న ప్రాంతానికే నమ్మకంగా పనిచేస్తుంది. మన వ్యవస్థలో (1) తీసేయండి. మిగిలే ప్రాంతం y అక్షం దగ్గర మొదలై రెండు గీతల మధ్య కుడివైపుకు, పైకి అంతులేకుండా విచ్చుకుంటూ పోతుంది. మూలలు (0, 0), (0, 4) రెండే. వాటి దగ్గర x + y గరిష్ఠం 4 అని ఆగిపోతే పొరపాటు, ఎందుకంటే లోపల x + y ఎంతైనా పెరగగలదు.

కాగితం అంచుకు తగిలిన ప్రాంతం నిజంగా అంతులేనిదా, లేక కాగితం చాలకనే అలా కనిపిస్తోందా అని తేల్చడానికి ఒక లెక్క ఉంది. ఏదో ఒక దిశలో ఎంత దూరం నడిచినా ప్రాంతం దాటకూడదు. దానికి అసమీకరణాల్లో స్థిరాంకాల స్థానంలో సున్నాలు పెట్టి, సమాన గుర్తు లేని చోట దాన్ని కలిపి, దిశ (a, b) కోసం సాధించండి. (1) తీసేసిన వ్యవస్థకు అవి a − b ≥ 0, a ≤ 2b, a ≥ 0. a = 1, b = 1 సరిపోతుంది, కాబట్టి ఆ దిశలో అంతు లేదు. (1) ఉంటే 2a + b ≤ 0 కూడా చేరుతుంది. a ≥ 0, దానితో పాటు a ≤ 2b వల్ల b ≥ 0. రెండూ రుణం కానప్పుడు 2a + b సున్నాకు మించకూడదంటే రెండూ సున్నానే కావాలి. నడవడానికి దిశ లేదు, కాబట్టి ప్రాంతం మూసుకుంది. ప్రాంతం ఖాళీ కాదని ముందు తేల్చుకున్నాకే ఈ పరీక్ష చేయాలి, ఖాళీ ప్రాంతం గురించి ఇది ఏమీ చెప్పదు.

## పూర్ణాంకాలే కావాలంటే

కొన్ని ప్రశ్నల్లో x, y వస్తువుల సంఖ్యలు. అప్పుడు షేడ్ చేసిన ప్రాంతమంతా జవాబు కాదు, అందులోని పూర్ణాంక బిందువులే జవాబు. అయిదో మెట్టులో వచ్చిన హద్దులు ఇక్కడ నేరుగా పనికొస్తాయి. x = 0 అయితే y 1 నుంచి 4 వరకు, నాలుగు బిందువులు. x = 1 అయితే 1 నుంచి 5 వరకు, అయిదు. x = 2 అయితే y 1 దాటాలి కాబట్టి 2 నుంచి 6 వరకు, అయిదు. x = 3 అయితే 2 నుంచి 4 వరకు, మూడు. మొత్తం 17.

(3)లో < బదులు ≤ ఉండి ఉంటే చుక్కల గీత నిండు గీత అయ్యేది. అప్పుడు దాని మీదున్న (0, 0), (2, 1), (4, 2) కూడా చేరి జవాబు 20 అయ్యేది.